ఫొటోలోని హాల్‌టికెట్‌ను చదివే పద్ధతి: తేదీ, సమయం, కేంద్రం కోడ్, సూచనలు, వాటి మధ్య వైరుధ్యాలు

హాల్‌టికెట్ ఫొటో పంపించి, "పరీక్ష ఎప్పుడో, ఎక్కడో ఒకసారి చూసి చెప్పండి" అని అడిగేవారు చాలామంది ఉంటారు. చూసి చెప్పడం రెండు నిమిషాల పనిలా కనిపిస్తుంది గాని, మడతపడిన కాగితం మీది 17ను 11గా చదివినా, కేంద్రానికి చేరవలసిన సమయాన్ని పరీక్ష మొదలయ్యే సమయంగా చెప్పినా ఆ పొరపాటు గేటు దగ్గర తప్ప బయటపడదు. అందుకే ఈ పనిని రెండు భాగాలుగా విడదీయాలి. మొదట కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకోవాలి, ఆ తరువాతే అందులోని అంశాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడాలి. చదువుతూనే సరిదిద్దుకుంటూ పోతే వైరుధ్యం కనిపించకుండానే మాయమవుతుంది.

1. ముందుగా ఫొటో చదవదగినదో కాదో తేల్చుకోవాలి

అభ్యర్థి తన లాగిన్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్ దొరికే అవకాశం ఉంటే ఫొటోతో కుస్తీ పట్టనవసరం లేదు, ఆ పీడీఎఫ్‌నే అడగాలి. అది దొరకనప్పుడు ఫొటోనే ఆధారం కాబట్టి, చదవడం మొదలుపెట్టే ముందే ఈ కింది విషయాలు చూసుకోవాలి.

- కాగితం నాలుగు మూలలూ ఫొటోలో కనిపిస్తున్నాయా?
- ఎన్ని పేజీలు ఉన్నాయి? అడుగున "1/4" వంటి పేజీ సంఖ్య ఉంటే మిగిలిన మూడు పేజీలూ వచ్చాయా?
- మడత గీత, లామినేషన్ మీది మెరుపు, చేతి నీడ ఏదైనా అంకెల మీద పడిందా?
- వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తూ అంకెలతో కలిసిపోతున్నాయా?

వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మళ్లీ ఫొటో తీయించడమే మంచిది. కాగితాన్ని బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, సరిగ్గా పైనుంచి తీయమని చెప్పాలి. తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనాలి, ఎందుకంటే మామూలుగా పంపినప్పుడు దాని నాణ్యత తగ్గి చిన్న అక్షరాలు చెరిగిపోతాయి. తేదీ, సమయం, కేంద్రం ఉన్న పెట్టెను దగ్గరగా మరో ఫొటో తీయిస్తే ఇంకా మేలు. అయితే దగ్గరి ఫొటో ఒక్కటే సరిపోదు. ఏ అంకె ఏ శీర్షిక కింద ఉందో మొత్తం పేజీ ఫొటోలోనే తెలుస్తుంది.

మరొక జాగ్రత్త కూడా ఉంది. హాల్‌టికెట్ మీద అభ్యర్థి ఫొటో, సంతకం, దరఖాస్తు సంఖ్య, పుట్టిన తేదీ ఉంటాయి. చాలా పరీక్షల వెబ్‌సైట్లలో చివరి రెండూ తెలిస్తే లాగిన్ కావచ్చు. కాబట్టి ఆ ఫొటోను గ్రూపుల్లో పెట్టి అందరి అభిప్రాయం అడగకూడదు.

2. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి

ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ కింది వరుసలో రాసుకోవాలి. శీర్షికలను కూడా హాల్‌టికెట్ మీద ఎలా ఉన్నాయో అలాగే రాయాలి. "రిపోర్టింగ్ టైమ్" అని ఉన్నదాన్ని "పరీక్ష సమయం" అని రాసుకుంటే అక్కడే పొరపాటుకు విత్తనం పడుతుంది.

- పరీక్ష పేరు, పేపరు లేదా సబ్జెక్టు
- తేదీ, ఏ వారం
- షిఫ్టు లేదా సెషన్
- రిపోర్టింగ్ టైమ్, గేటు మూసే సమయం, పరీక్ష ప్రారంభం, ముగింపు, వ్యవధి
- కేంద్రం కోడ్, కేంద్రం పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్
- రోల్ నంబరు, దరఖాస్తు సంఖ్య
- సూచనల్లో తేదీ, సమయం, వెంట తేవలసిన వస్తువుల ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యం, దాని పేజీ, వరుస సంఖ్య

స్పష్టంగా కనిపించని అంకె దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, అది ఏ రెండు అంకెల్లో ఏదై ఉండవచ్చో పక్కన రాయాలి. "బహుశా 7 అయి ఉంటుంది" అనుకుని 7 రాసేయకూడదు. హాల్‌టికెట్‌లో లేని వివరాన్ని "లేదు" అని రాయాలి గాని, ఇలాంటి పరీక్షలకు మామూలుగా ఉండే సమయంతో ఆ ఖాళీని నింపకూడదు. పరీక్షల అనుభవం ఉన్నవారే ఎక్కువగా చేసే పొరపాటు ఇది, ఎందుకంటే వారికి నిరుటి సమయాలు నోటికి వచ్చి ఉంటాయి.

3. తేదీని వారంతో సరిచూడాలి

తేదీ పక్కన వారం పేరు ఉంటే అది ఉచితంగా దొరికిన సాక్ష్యం. మడత గీత కింద తేదీ 17-05-2026 లాగానో 11-05-2026 లాగానో కనిపిస్తోందని, పక్కన "సండే" అని స్పష్టంగా ఉందని అనుకుందాం. క్యాలెండర్ చూస్తే 2026 మే 17 ఆదివారం, మే 11 సోమవారం. కాబట్టి అది 17 అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా మన కాగితం మీద "17, వారాన్ని బట్టి" అని రాసుకోవాలి, ఎందుకంటే ఇది మనం కనుక్కున్న అంకె, కళ్లతో చూసిన అంకె కాదు.

వారం పేరు లేనప్పుడు పరీక్ష నోటిఫికేషన్‌లో ప్రకటించిన తేదీలతో పోల్చాలి. 03/05 అన్నచోట అది మే 3 అవుతుందా, మార్చి 5 అవుతుందా అన్న సందేహం కూడా అలాగే తీరుతుంది. భారతదేశంలోని హాల్‌టికెట్లలో రోజు ముందు, నెల తరువాత రాయడమే వాడుక. విదేశీ సంస్థలు నిర్వహించే పరీక్షల కాగితాల్లో మాత్రం ఆ క్రమాన్ని ముందే ఊహించుకోకూడదు. అదే పేజీలో 12 దాటిన అంకె ఉన్న మరో తేదీ, ఉదాహరణకు అభ్యర్థి పుట్టిన తేదీ, కనిపిస్తే అది ఏ క్రమంలో ఉందో చూడాలి.

పేజీ మీద తేదీలు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసిన తేదీ, దరఖాస్తు తేదీ, పుట్టిన తేదీ, పరీక్ష తేదీ అన్నీ ఒకే అక్షరాల్లో ఉంటాయి. శీర్షిక చూడకుండా అంకెను మాత్రమే పట్టుకోకూడదు.

4. సమయాలను గొలుసుగా పేర్చాలి

ఎక్కువ వైరుధ్యాలు దొరికేది ఇక్కడే కాబట్టి ఈ దశకు ఎక్కువ సమయం కేటాయించాలి. హాల్‌టికెట్‌లోని నాలుగు సమయాలకూ ఒక సహజ క్రమం ఉంది. ముందు కేంద్రానికి చేరవలసిన సమయం, తరువాత గేటు మూసే సమయం, తరువాత పరీక్ష ప్రారంభం, చివరికి ముగింపు. రాసుకున్న సమయాలను ఈ వరుసలో పేర్చి, ప్రారంభానికి వ్యవధిని కలిపితే ముగింపు రావాలి. ఎక్కడ క్రమం తప్పినా, కూడిక సరిపోకపోయినా అక్కడ గుర్తు పెట్టాలి.

నీట్ యూజీ దీనికి మంచి నమూనా. 2025లో ఆ పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి సాయంత్రం 5 వరకు, 180 నిమిషాల పాటు జరిగింది. గేటు మాత్రం 1:30కే మూసేశారు. అంటే "పరీక్ష 2 గంటలకు" అన్న మాట నిజమే అయినా, దాన్ని నమ్ముకుని 1:45కు చేరిన అభ్యర్థికి అది ఉపయోగపడదు. కాబట్టి ఎవరికైనా సమయం చెప్పేటప్పుడు గేటు మూసే సమయాన్నే ముందు చెప్పి, ప్రారంభ సమయాన్ని తరువాత చెప్పడం మంచిది.

కూడిక సరిపోని ప్రతిచోటా తప్పు ఉందని కూడా అనుకోకూడదు. దివ్యాంగ అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందువల్ల మూడు గంటల పరీక్షకు వారి హాల్‌టికెట్‌లో ముగింపు సమయం ఒక గంట ఆలస్యంగా ఉండవచ్చు. అభ్యర్థి ఆ కోవలో ఉంటే అది వైరుధ్యం కాదు. అభ్యర్థి ఆ కోవలో ఉండి కూడా ముగింపు సమయం మామూలుగానే ఉంటే, అప్పుడు అడగవలసిన ప్రశ్న ఉన్నట్టే.

ఏఎం, పీఎం దగ్గర మరో చిక్కు వస్తుంది. మధ్యాహ్నం 12 గంటలు పీఎం, అర్ధరాత్రి 12 గంటలు ఏఎం. "9:00 ఏఎం నుంచి 12:00 ఏఎం" అని ముద్రించి ఉంటే వ్యవధి 180 నిమిషాలు అన్నది చూసి, అది అచ్చుతప్పని తేల్చవచ్చు. వ్యవధి ముద్రించకపోతే షిఫ్టు పేరు చూడాలి. జేఈఈ మెయిన్‌లో మొదటి షిఫ్టు ఉదయం 9 నుంచి 12 వరకు, రెండోది మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు ఉంటూ వస్తోంది. అటువంటి పరీక్షలో మొదటి షిఫ్టు అని ఉండి, ప్రారంభం 3 గంటలు అని కనిపిస్తే రెండింటిలో ఒకటి తప్పు చదివినట్టో, తప్పుగా ముద్రించినట్టో అర్థం చేసుకోవాలి.

5. కేంద్రం కోడ్‌ను పేరుతో కలిపి చదవాలి

పేజీ మీద పొడుగాటి సంఖ్యలు మూడు, నాలుగు ఉంటాయి. రోల్ నంబరు, దరఖాస్తు సంఖ్య, కేంద్రం కోడ్, పిన్‌కోడ్. పిన్‌కోడ్‌కు ఎప్పుడూ ఆరు అంకెలే ఉంటాయి, చిరునామా చివర ఉంటుంది కాబట్టి దాన్ని ముందు పక్కన పెట్టాలి. కేంద్రం కోడ్‌ను దాని శీర్షిక ఆధారంగానే తీసుకోవాలి. రోల్ నంబరు మొదటి అంకెల నుంచి కేంద్రం కోడ్‌ను ఊహించే ప్రయత్నం చేయకూడదు, ఆ లెక్క అన్ని పరీక్షలకూ ఒకటి కాదు.

మసక ఫొటోలో 1ని 7గా, 3ని 8గా, 5ని 6గా, సున్నాను ఇంగ్లిష్ ఓ అక్షరంగా పొరబడటం ఎక్కువ. సందేహం ఉన్న అంకెను అదే పేజీలో స్పష్టంగా ఉన్న అదే అంకెతో పోల్చి చూడటం ఒక తేలిక ఉపాయం. ఉదాహరణకు కోడ్‌లో ఉన్నది 1 అవునో కాదో తెలియకపోతే, దరఖాస్తు సంఖ్యలోని 1 ఆకారం ఎలా ఉందో చూడాలి. అచ్చు ఒకటే కాబట్టి తేడా పసిగట్టవచ్చు.

దారి వెతకడానికి పనికొచ్చేది కోడ్ కాదు, పూర్తి చిరునామా. కోడ్ ఒక్కటే పట్టుకుని ఇంటర్నెట్‌లో వెతికితే మరో పరీక్షకు, మరో సంవత్సరానికి ఇచ్చిన అదే సంఖ్య ఎదురుకావచ్చు. కళాశాల పేరు ఒక్కటే మ్యాప్‌లో కొట్టినా చిక్కే. ఒకే యాజమాన్యం కింద ఒకే పేరుతో ఒకే నగరంలో నాలుగైదు శాఖలు ఉంటాయి. పేరు, వీధి లేదా ప్రాంతం, పిన్‌కోడ్ మూడూ ఒకే చోటును చూపిస్తున్నప్పుడే కేంద్రం దొరికినట్టు. ప్రాంతం ఒకచోట, పిన్‌కోడ్ మరొకచోట ఉంటే గుర్తు పెట్టాలి.

జాతీయ పరీక్షల సంస్థ నిర్వహించే పరీక్షలకు హాల్‌టికెట్ కంటే ముందే నగరం తెలిపే స్లిప్ వస్తుంది. అది హాల్‌టికెట్ కాదు, దానిలో కేంద్రం చిరునామా ఉండదు. ఎవరైనా ఆ స్లిప్ ఫొటో పంపి కేంద్రం చెప్పమంటే, హాల్‌టికెట్ ఇంకా రావలసి ఉందని చెప్పాలి.

6. సూచనలను పని ఎప్పుడు చేయాలన్న దాన్ని బట్టి విడదీయాలి

సూచనలు పేజీల కొద్దీ ఉంటాయి, కానీ వాటిలో అభ్యర్థి చేయవలసిన పనులు కొన్నే. ప్రతి సూచననూ చదివి మూడు కుప్పలు చేయాలి. ఇంటి దగ్గర చేయవలసినవి, వెంట తీసుకెళ్లవలసినవి లేదా తీసుకెళ్లకూడనివి, పరీక్ష గదిలో మాత్రమే చేయవలసినవి.

మొదటి కుప్పనూ మూడో కుప్పనూ కలిపేయడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఒకే పేజీలో ఫొటో అతికించే పెట్టె, వేలిముద్ర పెట్టె, సంతకం పెట్టె పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఫొటోను ఇంటి దగ్గరే అతికించాలని, సంతకం మాత్రం ఇన్విజిలేటర్ ఎదుటే చేయాలని ఉండవచ్చు. పెట్టె కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ మాట ఫొటోలో చెరిగిపోతే, అది చదివేవరకు ఏ పెట్టెనూ నింపవద్దని అభ్యర్థికి చెప్పాలి.

సూచనలు సాధారణంగా అన్ని షిఫ్టులకూ, అందరు అభ్యర్థులకూ కలిపి రాసినవై ఉంటాయి. మొదటి పేజీ మాత్రం ఆ ఒక్క అభ్యర్థికి చెందినది. అందువల్ల "పెన్ను తెచ్చుకోవాలి" అని ఒకచోట, "పెన్ను కేంద్రంలోనే ఇస్తారు" అని మరోచోట కనిపించడం అరుదేమీ కాదు. గుర్తింపు కార్డు విషయంలో మాత్రం ఒక్కో మాటా చూడాలి. "ఒరిజినల్" అన్న మాట ఉంటే జిరాక్స్ కాపీ గాని, ఫోన్‌లోని బొమ్మ గాని చెల్లుతుందని చెప్పకూడదు.

7. ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి వరకు

ఒక అభ్యర్థిని రెండు ప్రవేశ పరీక్షల హాల్‌టికెట్ ఫొటోలు పంపిందని అనుకుందాం. ఇవి కల్పిత వివరాలు. మొదటి దానిలో 17-05-2026 ఆదివారం, ఉదయం 9 నుంచి 12 వరకు పరీక్ష. రెండో దానిలో తేదీలోని రెండో అంకె మీద మడత ఉండి అది 17-05-2026 లాగానో 11-05-2026 లాగానో కనిపిస్తోంది, వారం ఆదివారం, రిపోర్టింగ్ టైమ్ 1:00, గేటు మూసేది 2:30, ప్రారంభం 3:00, వ్యవధి 180 నిమిషాలు, కేంద్రం కోడ్ 306?4. మూడో పేజీ ఐదో సూచనలో "పరీక్షకు గంట ముందు కేంద్రానికి చేరాలి" అని ఉంది.

వారాన్ని బట్టి రెండో పరీక్ష కూడా 17వ తేదీనే అని తేలుతుంది. ఇప్పుడు మూడు గుర్తులు పడతాయి.

మొదటిది చేరే సమయం. మొదటి పేజీ 1:00 అంటోంది, సూచన ప్రకారం 2:00 అవుతుంది. ఇలాంటిచోట రెండింటిలో ముందు వచ్చే సమయాన్ని పాటిస్తే ఏ నష్టమూ లేదు. వేరే పరీక్ష లేని రోజైతే విషయం అక్కడితో ముగిసేది.

రెండోది కోడ్‌లోని అంకె. పేరు, ప్రాంతం, పిన్‌కోడ్ స్పష్టంగా ఉండి మూడూ ఒకే చోటును చూపిస్తుంటే ఇది చిన్న సందేహమే. దగ్గరి ఫొటో మళ్లీ తీయిస్తే తీరుతుంది.

మూడోది అసలు సమస్య. రెండు పరీక్షల సమయాలు ఒకదాని మీద ఒకటి పడలేదు కాబట్టి పైకి చూస్తే ఘర్షణ లేదు. లెక్క వేస్తే తెలుస్తుంది. ఉదయం పరీక్ష 12:00కు ముగిసినా, జవాబు పత్రాలు తీసుకుని బయటికి పంపేసరికి 12:30 కావచ్చు. రెండో కేంద్రానికి గంటా నలభై ఐదు నిమిషాల ప్రయాణం అయితే చేరేసరికి 2:15 అవుతుంది. గేటు మూయడానికి మిగిలింది 15 నిమిషాలు. 1:00 గంటల రిపోర్టింగ్ టైమ్ ఎలాగూ తప్పిపోయింది, "గంట ముందు" అన్న సూచన కూడా తప్పిపోయింది. ముందు వచ్చే సమయాన్ని పాటించమనే సలహా ఇక్కడ పనిచేయదు. రిపోర్టింగ్ టైమ్ దాటి, గేటు మూసేలోగా వచ్చినవారిని అనుమతిస్తారా అన్నది నిర్వాహకులు మాత్రమే చెప్పగలరు. "పరవాలేదు, రానిస్తారు" అని మనం చెప్పడం తప్పు.

8. గుర్తులను తీవ్రత ప్రకారం వేరుచేసి, అడగవలసిన చోట అడగాలి

- వెంటనే అడగవలసినవి: ఒకే సమయానికి రెండు పరీక్షలు, ప్రయాణానికి చాలని వ్యవధి, తేదీకి వారానికి పొత్తు కుదరకపోవడం, చిరునామాకు పిన్‌కోడ్‌కు తేడా, అభ్యర్థి పేరు లేదా ఫొటో తప్పుగా ఉండటం.
- జాగ్రత్తతో సరిపోయేవి: చేరే సమయం రెండుచోట్ల రెండు రకాలుగా ఉండటం, పెన్ను గురించి రెండు మాటలు.
- ఫొటో సమస్యలు: మళ్లీ తీయిస్తే తీరేవి.

మూడో రకాన్ని నిర్వాహకుల దాకా తీసుకెళ్లకూడదు. ఫొటోలో కనిపించని అంకె గురించి సహాయ కేంద్రానికి రాస్తే వారు చెప్పేదేమీ ఉండదు. ముందు అసలు పీడీఎఫ్‌లో కూడా అదే తేడా ఉందని రూఢి చేసుకోవాలి.

ప్రశ్నను హాల్‌టికెట్ మీద ముద్రించిన ఈమెయిల్‌కు, అభ్యర్థి నమోదు చేసుకున్న మెయిల్ నుంచే పంపాలి. ఒక మెయిల్‌లో ఒకే ప్రశ్న ఉంటే జవాబు సూటిగా వస్తుంది. పైన చెప్పిన అభ్యర్థిని ఇలా రాయవచ్చు.

"నా దరఖాస్తు సంఖ్య ఇది. మొదటి పేజీలో రిపోర్టింగ్ టైమ్ 1:00, గేటు మూసే సమయం 2:30 అని ఉన్నాయి. అదే రోజు ఉదయం నాకు మరో పరీక్ష ఉన్నందువల్ల నేను 2:15కు చేరగలను. రిపోర్టింగ్ టైమ్ తరువాత, గేటు మూసేలోగా చేరిన అభ్యర్థిని అనుమతిస్తారా? రెండు హాల్‌టికెట్లనూ జతచేశాను."

షిఫ్టు మార్చమని కోరే అవకాశం ఆ పరీక్ష నిబంధనల్లో ఉంటే, అది వేరే అభ్యర్థనగా, గడువులోగా పంపాలి. వచ్చిన జవాబును ముద్రించి వెంట తీసుకెళ్లాలి. ఫోన్‌లో నోటిమాటగా చెప్పినది గేటు దగ్గర చూపించడానికి పనికిరాదు.

9. అభ్యర్థికి తిరిగి పంపే జవాబు

జవాబులో ముందు గేటు మూసే సమయం, తేదీ, వారం, కేంద్రం పూర్తి చిరునామా ఉండాలి. తరువాత మీరు సూటిగా చదివినవి ఏవో, వారం పేరు వంటి ఆధారంతో తేల్చినవి ఏవో వేరుగా రాయాలి. గుర్తు పెట్టిన వైరుధ్యాలను పేజీ, వరుస సంఖ్యలతో కింద ఇవ్వాలి. ఏ తేదీన పంపిన ఫొటోను చూసి ఈ జవాబు ఇచ్చారో కూడా రాయాలి, ఎందుకంటే సవరించిన హాల్‌టికెట్ తరువాత విడుదల కావచ్చు.

పరీక్షకు రెండు రోజుల ముందు అభ్యర్థి తన లాగిన్‌లో హాల్‌టికెట్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసి, తేదీ, షిఫ్టు, గేటు సమయం, కేంద్రం చిరునామా ఈ నాలుగింటినీ పాతదానితో పోల్చాలి. ఏదైనా మారి ఉంటే కొత్తదాన్ని ముద్రించుకుని, పాత ప్రతి మీద అడ్డగీత కొట్టి ఇంట్లోనే ఉంచాలి.